పన్ను పడేది తలల మీద కాదు

“బిల్లు పంచుకోవడానికి తేలికైన పద్ధతి: ఎవరి ప్లేటు డబ్బులు వాళ్లవి. స్టార్టర్లూ పన్నూ అందరివీ కాబట్టి తలా సమానం. పన్ను విడదీయడం ఎవరి తరమూ కాదు. చిల్లర లెక్కలు చూసేవాళ్లతో భోజనానికి వెళ్లకండి. పదిమందికీ పంపండి.”

పదిమందికీ పంపారు, సరే. పంపేముందు ఒక్క బిల్లు మీదైనా వేసి చూసిన పుణ్యాత్ములు లేరా?

ప్లేటు సంగతిలో పేచీ లేదు. గొడవంతా పన్ను దగ్గరే. నలుగురు కూర్చున్నారు. వాళ్ల ప్లేట్లు వరసగా 200, 300, 400, 800. స్టార్టర్ 300, దాన్ని మొదటి మనిషి ముట్టలేదు. మొత్తం 2000, పది శాతం పన్నుతో 2200. మీ పద్ధతిలో మొదటి మనిషి తన 200కి తోడు తినని స్టార్టర్‌కి 75, పన్నుకి 50 కలిపి 325 కట్టాలి. ఆ మనిషి తిన్నదానికి పడిన పన్ను 20. అంటే 220తో పోవాల్సింది మరో 105 వదిలింది. ఆ 105లో 65 మిగిలింది ఎవరికంటారా? 800 ప్లేటు తెప్పించుకున్నవారికి! తక్కువ తిన్నవాళ్లు ఎక్కువ తిన్నవాళ్లకి విందు ఇవ్వడాన్ని న్యాయం అంటున్నారన్నమాట.

ఎవరి తరమూ కాని ఆ విడదీత ఒక్క భాగహారం. చివర కట్టే మొత్తాన్ని పన్నుకి ముందున్న మొత్తంతో భాగించండి: 2200 ÷ 2000 = 1.1. స్టార్టర్ తిన్న ముగ్గురికీ తలా 100 కలిపితే వాటాలు 200, 400, 500, 900. ఒక్కోదాన్నీ 1.1తో హెచ్చిస్తే 220, 440, 550, 990. కూడితే సరిగ్గా 2200. బిల్లు మొత్తం మీద ఇచ్చిన తగ్గింపు, శాతంలో వేసిన సర్వీస్ ఛార్జీ కూడా ఈ భాగహారంలోనే సర్దుకుంటాయి. హెచ్చించకముందు వాటాలన్నీ కలిపినా 2000 రాకపోతే ఏదో పదార్థం ఎవరి ఖాతాలోనూ పడలేదని అర్థం. కొన్ని పదార్థాలకి పన్ను రేటు వేరుగా ఉంటే మాత్రం వాటిని విడిగా కూడి, రెండోసారి భాగించాలి. ధరల్లోనే పన్ను కలిసి ఉంటే భాగిస్తే 1 వస్తుంది, ఇక హెచ్చించే పనే లేదు.

స్టార్టర్ల విషయంలో మీదీ సగం నిజమే, ఒప్పుకుంటున్నా. ఎవరు ఎన్ని ముక్కలు తిన్నారో లెక్కపెట్టడం దండగ, తిన్నవాళ్లంతా సమానంగా వేసుకోవాల్సిందే. ముట్టనివాళ్లని అందులోకి లాగకండి, అంతే. మనిషికింతని వేసే ఛార్జీ ఉంటే అదీ తలా సమానమే. మీ సూత్రం అచ్చంగా పనికొచ్చేది అక్కడే.

ఇక చిల్లర లెక్కలంటారా? తలా కిందికి సవరించి ఇస్తే తక్కువపడేది బిల్లు కట్టినవారి జేబులోంచే. పైకి సవరించండి.