అడగ్గానే డీఎన్‌ఏ టెస్టు ఇవ్వరు

“బిడ్డ నాది కాదు, డీఎన్‌ఏ టెస్టు చేయించమని మా బావ కోర్టుకెళ్లాడు. ఆర్డర్ ఇచ్చేస్తారా?”

అంత తేలిగ్గా ఇవ్వరు తమ్ముడూ. పెళ్లి బంధం ఉండగా పుట్టిన బిడ్డ భర్త బిడ్డేనని భారతీయ సాక్ష్య అధినియం 116వ సెక్షన్ అంటుంది. పాత చట్టంలో అది 112. విడాకులయ్యాక 280 రోజుల్లోపు పుట్టినా అంతే, తల్లి మళ్లీ పెళ్లి చేసుకోకుండా ఉంటే.

దాన్ని కాదనాలంటే, గర్భం వచ్చిన రోజుల్లో భార్యను కలిసే వీలే లేదని మీ బావ ముందుగా చూపించాలి. ఉత్త అనుమానం చాలదు. మన శ్రీకాకుళం మత్స్యకారులు గుజరాత్‌లోని వేరావల్ బోట్ల మీదకి వెళ్తారు కదా, అలాంటి మనిషే అనుకోండి. పది నెలలు అక్కడే ఉన్నానంటాడు. కానీ సంక్రాంతికి నాలుగు రోజులు ఇంటికొచ్చినట్టు రైలు టికెట్ దొరికింది, బిడ్డ అక్టోబర్ మొదట్లో పుట్టింది. లెక్క సరిపోయింది, ఇక అతని వాదన నిలవడం కష్టం. భరణం ఎగ్గొట్టడానికి రక్త పరీక్ష అడిగితే ఒప్పుకోనక్కర్లేదని గౌతమ్ కుందూ కేసులో సుప్రీంకోర్టు 1993లోనే చెప్పింది.