ఉక్కు కొనుగోలులో లారీకి ఒకే లెక్క

చిన్న వర్క్‌షాప్ ఒక్కో విడతకు ఎంత ఉక్కు తెప్పించుకోవాలన్న ప్రశ్నకు 1913లో ఫోర్డ్ హారిస్ ప్రచురించిన సూత్రం, అంటే ఎకనమిక్ ఆర్డర్ క్వాంటిటీ, నేటికీ పనికొస్తుంది. అయితే దాన్ని ఒక్కో సైజుకు విడివిడిగా వర్తింపజేసినప్పుడు తప్పు సమాధానం వస్తుంది.

Q = √(2DS/H)

ఇందులో D ఏడాది వాడకం, S ఒక్కో ఆర్డరుకయ్యే ఖర్చు, H ఒక కిలో సరుకును ఏడాదిపాటు నిల్వ ఉంచడానికయ్యే ఖర్చు. ఆరు సైజుల రౌండ్ బార్లను కలిపి ఏడాదికి 12,000 కిలోలు వాడే వర్క్‌షాప్‌ను తీసుకుందాం. లెక్క సులువు కావడానికి ఖర్చులన్నిటినీ ఉక్కు విలువలోనే కొలుద్దాం: లారీ కిరాయి, దించే కూలి కలిసి ఆర్డరుకు 40 కిలోల ఉక్కు ధర; వడ్డీ, స్థలం, తుప్పు కలిసి ఏడాదికి సరుకు విలువలో 24 శాతం. అప్పుడు Q 2,000 కిలోలు, అంటే రెండు నెలలకొక లారీ. ఏడాదికి ఆర్డర్ల ఖర్చు 240 కిలోలు, సగటున లారీలో సగం సరుకే నిల్వ ఉంటుంది కనుక నిల్వ ఖర్చు 240 కిలోలు, మొత్తం 480.

వీటిలో ఏడాదికి 300 కిలోలే వాడే 50 మి.మీ. బారుకు ఇదే సూత్రాన్ని విడిగా వేస్తే 316 కిలోలు తెప్పించమంటుంది, అంటే ఏడాదికి పైగా సరిపడే నిల్వ. లారీ కిరాయి మొత్తాన్నీ ఆ ఒక్క సైజు నెత్తిన వేయడమే దీనికి కారణం. నిజానికి లారీ ఎలాగూ రెండు నెలలకోసారి వస్తుంది కనుక, అందులో మరో బారు వేయించుకోవడానికి అదనంగా అయ్యేది నామమాత్రమే. కాబట్టి ముందు లారీ వచ్చే వ్యవధిని తేల్చి, ఆ వ్యవధికి ఏ సైజు ఎంత కావాలో తర్వాత చూసుకోవాలి.

ఆ లెక్కన 50 మి.మీ. బారు విడతకు 50 కిలోలు చాలు. కానీ ఆరు మీటర్ల బారు ఒక్కటే దాదాపు 93 కిలోలు తూగుతుంది (వ్యాసం మి.మీ.లో వర్గం చేసి 162తో భాగిస్తే మీటరు బరువు కిలోల్లో వస్తుంది). అందుకే విడత విడిచి విడతకు ఒక బారు తెప్పించడం సరైన నిర్ణయం. ఏడాదిలో ఎప్పుడైనా తగ్గితే ఒకటి అదనం. ఇలా సర్దుకున్నందుకు పెద్ద నష్టమేమీ ఉండదు, ఎందుకంటే 2,000కు బదులు 2,500 కిలోలు తెప్పించినా మొత్తం ఖర్చు 480 నుంచి 492కే చేరుతుంది.

డిస్కౌంటు విషయంలో మాత్రం ఇంత ఉదారంగా ఉండకూడదు. ఒకేసారి 6,000 కిలోలు కొంటే ధరలో 2 శాతం తగ్గిస్తామని వ్యాపారి అంటే, మిగిలేది ఏడాదికి 240 కిలోల విలువ. కానీ ఆర్డర్లకు 80, నిల్వకు సుమారు 706 ఖర్చవుతాయి కనుక నికర ఖర్చు 546 దాకా తేలుతుంది, అంటే 480 కన్నా ఎక్కువ. ఈ వర్క్‌షాప్‌కు తగ్గింపు రెండున్నర శాతం దాటితేనే ఆ బేరం గిట్టుబాటవుతుంది. అదీ అన్ని సైజులూ ఇప్పటి వేగంతోనే ఖర్చయితే.