చేత్తో ఏరిన బిల్లులా, లెక్కతో తీసిన బిల్లులా?

సీఏ శిక్షణలో ఉన్న ఆర్టికల్ కుర్రాడు అడిగిందిది: "అక్కా, ఈ డిస్ట్రిబ్యూటర్ బిల్లులన్నీ చూడలేం కదా. సార్ ముఖ్యమైనవి ఏరమంటున్నారు, మీరేమో లెక్క ప్రకారం తీయమంటున్నారు. ఏది చెయ్యను?"

విజయనగరంలో ఒక ఆడిట్ ఆఫీసు. సబ్బులు, బిస్కెట్లు, నూనె ప్యాకెట్లు చీపురుపల్లి, సాలూరు, ఎస్.కోట రూట్లకు పంపే డిస్ట్రిబ్యూటర్ వాళ్ల క్లయింటు. ఏడాది అమ్మకాలు 42 కోట్లు. ఆఫీసు మావయ్యది. మేనకోడలు సీఏ పూర్తిచేసి ఆయన దగ్గరే ప్రాక్టీసు చేస్తోంది. నా మొగ్గు ఆమె వైపే అయినా, మావయ్య వేసిన ప్రశ్నలు తేలిగ్గా తీసేసేవి కావు.

మావయ్య: లక్ష దాటిన బిల్లులన్నీ తియ్యమను. మార్చి ఆఖరి వారం తియ్యమను. ఒకే పార్టీకి ఒకే రోజు రెండు బిల్లులుంటే అవీ తియ్యమను. తప్పు ఎక్కడుంటుందో తెలిశాక ఇంకా లెక్కలెందుకమ్మా?

మేనకోడలు: పట్టుకున్న తప్పులే మీకు గుర్తుంటాయి మావయ్యా. చూడని బిల్లుల్లో ఎన్ని ఉండిపోయాయో ఎలా తెలుస్తుంది? పెద్ద బిల్లు ఎవరికి వెళ్తుంది? జీఎస్టీ నంబరున్న హోల్‌సేల్ షాపుకి. టర్నోవరు 5 కోట్లు దాటినవాళ్లకి 2023 ఆగస్టు నుంచి ఆ బిల్లుని ప్రభుత్వ పోర్టల్‌కి ఎక్కించే ఈ-ఇన్వాయిస్ తప్పనిసరి. సరుకు 50 వేలు దాటితే రవాణాకి ఈ-వే బిల్లు కూడా ఉంటుంది. అదే బిల్లు కొన్నవాడి జీఎస్టీ స్టేట్‌మెంట్ 2బీలోనూ కనపడుతుంది. అంటే ఇప్పటికే ముగ్గురు చూసిన బిల్లునే మీరు నాలుగోసారి చూస్తున్నారు. జీఎస్టీ నంబరు లేని కిరాణా కొట్ల సంగతేంటి? ఈ క్లయింటుకి ఆ అమ్మకాలే 12 కోట్ల 60 లక్షలు, దాదాపు 25 వేల బిల్లులు. ఒక్కోటి 5 వేలు ఉంటుందేమో. వాటికి పోర్టల్ ఇచ్చే ఐఆర్ఎన్ నంబరు లేదు, వే బిల్లు లేదు. వ్యాన్‌తో వెళ్లినవాడు సరుకు దింపి డబ్బు తెస్తాడు, అంతే. మీ చెయ్యి ఎప్పుడూ అటు వెళ్లదు, ఎందుకంటే ఏ బిల్లుకా బిల్లు చిన్నదే.

మావయ్య: ఆడిట్ శాంపిల్ ప్రమాణం ఎస్ఏ 530 లెక్కతోనే తియ్యమని ఎక్కడ చెప్పింది? రెండు పద్ధతులూ ఒప్పుకుంటుంది. నేనూ చదివాను.

మేనకోడలు: నిజమే, ఒప్పుకుంటుంది. కానీ శాంపిల్ అనాలంటే ప్రతి బిల్లుకీ ఎంపికయ్యే అవకాశం ఉండాలనీ అదే చెప్పింది. పెద్దవి మాత్రమే ఏరితే చిన్నదానికి ఆ అవకాశమే లేదు. అలా ఏరడం తప్పని నేననను. ఏరినవాటి సంగతే తేలుతుంది, మిగతావాటి గురించి ఒక్క మాట కూడా చెప్పలేం.

ఆర్టికల్ కుర్రాడు: అయితే నేను కళ్లు మూసుకుని ఫైల్లోంచి లాగుతాను. అది రాండమే కదా అక్కా?

మేనకోడలు: కాదురా. నీ చెయ్యి ఫైలు మధ్యలోకే వెళ్తుంది. మొదటి బిల్లు, ఆఖరి బిల్లు, చినిగిపోయి లోపలికి మడతపడిన బిల్లు, ఇవి దానికి తగలవు. ఎక్సెల్లో ఈ 12 కోట్ల 60 లక్షల కిరాణా కొట్ల బిల్లులన్నీ వరసగా పెట్టి రూపాయలు కూడుకుంటూ వెళ్దాం. మనం భరించగలిగే తప్పు 42 లక్షలనుకున్నాం. 95 శాతం నమ్మకానికి దాన్ని 3తో భాగిస్తే 14 లక్షలు. మొదటి 14 లక్షల్లో ఒక రూపాయిని కంప్యూటరుతో తీయించి, అక్కణ్ణుంచి ప్రతి 14 లక్షలకీ ఆగుదాం. ఆ రూపాయి ఏ బిల్లులో పడితే ఆ బిల్లు. మొత్తం 90 వస్తాయి. పెద్ద బిల్లుకి అవకాశం ఎక్కువ, చిన్నదానికి తక్కువ, కానీ అవకాశం లేని బిల్లు ఉండదు.

మావయ్య: సరే, 90 తీశావనుకో. సాలూరు రూట్లో 6,000 బిల్లుకి కొట్టువాడు కొన్ని పెట్టెలు వద్దని తిప్పి పంపాడు. డెలివరీ కాపీ మీద పెన్నుతో కొట్టేసి 4,500 అని రాశారు, బిల్లు మొత్తం తగ్గించే క్రెడిట్ నోట్ టాలీలో పడలేదు. అప్పుడేం చేస్తావు?

మేనకోడలు: తప్పు 1,500. బిల్లులో అది నాలుగో వంతు. ఆ బిల్లు 14 లక్షలకి ప్రతినిధి కాబట్టి, అందులో నాలుగో వంతు, మూడున్నర లక్షలు తప్పుండొచ్చని అంచనా.

మావయ్య: పదిహేను వందలకి మూడున్నర లక్షలా! క్లయింటుకి ఈ మాట నువ్వే చెప్పు. పోనీ అది వదిలెయ్. ఒక్క తప్పూ దొరక్కపోయినా నీ లెక్కలో తప్పు ఉండగల గరిష్ఠ హద్దు ఎంత? మూడు పద్నాలుగులు 42. అంటే గిన్నె ముందే అంచుదాకా నిండిపోయింది. ఒక్క తప్పు పడితే పొర్లిపోతుంది. పెట్టెలు తిరిగిరాని వ్యాపారం ఇది కాదే! ఒక్క తప్పుకీ చోటివ్వని శాంపిల్ నాకెందుకు?

మేనకోడలు: (కాసేపు కాగితం మీద లెక్కేసి) ఇది నా పొరపాటే. ఆ మూడున్నర లక్షలకి అనిశ్చితి కోసం ఇంకొంత కలిపితే హద్దు 48 లక్షలు దాటుతోంది. 6 లక్షల తప్పు ఉంటుందని ముందే అనుకుని తీసుండాలి. అప్పుడు 14 లక్షల కంటే దగ్గర దగ్గరగా ఆగాలి, 90 కాదు, 117 బిల్లులు. ఇదే తప్పు దొరికినా హద్దు 37 లక్షల దగ్గర ఆగుతుంది.

మావయ్య: 117 బిల్లులకి డెలివరీ కాపీలు వెతకాలి. ఇద్దరే కుర్రాళ్లు, గడువేమో సెప్టెంబరు 30. మీరంతా షీట్లు నింపడానికే పుట్టారు. బిల్లు చేతిలో పట్టుకుని చూసేవాడు లేడు.

మేనకోడలు: షీట్ల మాట మీరే ఎత్తారు కాబట్టి చెప్తున్నాను. పోయినేడాది మన ఫైల్లో "రాండమ్‌గా ఎంచి పరిశీలించాం" అని ఉంది. అవి మీరు చేత్తో ఏరినవి. రేపు మన పనిని తనిఖీ చేసే పీర్ రివ్యూలో ఎలా తీశారని అడిగితే ఏం చూపిస్తాం?

మావయ్య: ఆ మాట టైపు చేసింది ఈ కుర్రాడే. ప్రతి ఆఫీసులోనూ అదే రాస్తారు.

మేనకోడలు: సంతకం మీదే కదా మావయ్యా.

మావయ్య: ...సరే. ఈసారి "ఏరి చూశాం" అనే రాద్దాం. కానీ నీ ముగ్గురు కాపలాదార్ల సంగతి విను. ఐఆర్ఎన్ ఉందంటే బిల్లు పోర్టల్‌కి ఎక్కిందని అర్థం, సరుకు అమ్ముడైందని కాదు. టార్గెట్ అందుకోడానికి మార్చి 29న తెలిసిన హోల్‌సేలర్ పేర బిల్లు కొడతారు. ఐఆర్ఎన్ వస్తుంది, వే బిల్లు వస్తుంది, వ్యాన్ కూడా కదులుతుంది. ఏప్రిల్ 6న సరుకు తిరిగొస్తుంది, క్రెడిట్ నోట్ పడుతుంది. నీ 117లో అది ఒక్కటైనా ఉంటుందా?

మేనకోడలు: ఉండదు. నేను తీసేది నంబరు లేని కొట్ల నుంచి. ఏడాది మొత్తంలోంచి తీసినా ఆ మూడు రోజులకి ఒకటి తగిలితే గొప్ప. అక్కడ మీ పద్ధతే సరైంది. ఏప్రిల్, మే క్రెడిట్ నోట్లన్నీ తీసి మార్చి బిల్లులకి జత చేద్దాం, ఆ పార్టీల నుంచి డబ్బు బ్యాంకులోకి వచ్చిందో లేదో చూద్దాం. కానీ అది వేరే షీటు. అందులో దొరికిన తప్పుని అంతే మొత్తంగా రాద్దాం, ఏడాదికి పెంచొద్దు. దాన్నీ 117నీ కలిపి ఒకే శాతం తీయొద్దు.

ఆర్టికల్ కుర్రాడు: మరి అసలు బిల్లే కొట్టకుండా వెళ్లిన సరుకు?

ఇద్దరూ ఒక్క క్షణం మాట్లాడలేదు.

మావయ్య: మంచి మాట అడిగాడు. బిల్లుల లిస్టులోంచి ఎలా తీసినా అది దొరకదు. గోడౌన్ నుంచి వ్యాన్ లోడింగ్ షీట్లు తెప్పించు. ఆ సరుకుకి బిల్లుందో లేదో అటునుంచి చూడాలి.

మేనకోడలు: లోడింగ్ షీట్లకి వరస నంబర్లున్నాయా మావయ్యా? లేకపోతే దేన్నుంచి శాంపిల్ తీస్తాం?

మావయ్య: ఉండవు. తెల్ల కాగితం మీద రాసుకుంటారు.

మేనకోడలు: అయితే ఈ భాగానికి ఏ పద్ధతి పనికొస్తుందో నాకూ తెలియదు. ముందు గోడౌన్‌కి వెళ్లి స్టాకు లెక్క చూద్దాం.