ఇస్టేషనుకు పోయే వేలు

మా కాలనీలో ఈ మధ్య 'విశాఖపట్నం శుద్ధోచ్చారణ పరిరక్షణ సంఘం' ఒకటి పుట్టింది. కారణం ఒక ఆటో. మా సంఘాధ్యక్షులు ఎంవీపీ కాలనీలో ఆటో ఆపి రైల్వే స్టేషన్ అన్నారు. డ్రైవర్ "ఏటి బాబూ, ఇస్టేషనుకా? ఎక్కండి" అన్నాడు. ఆయన ఎక్కలేదు. భాష చచ్చిపోతుంటే రైలెక్కి ఎక్కడికి పోతాం అని వెనక్కి తిరిగొచ్చి, సాయంత్రానికి సంఘం పెట్టేశారు.

తప్పు పలికినవాళ్ళకు జరిమానా వెయ్యాలని తీర్మానం. ఏ తప్పుకు ఎంతో తేల్చే బాధ్యత నాకు అప్పగించారు. నేను ఒకప్పుడు భాషాశాస్త్రం చదివి, ఇంట్లోవాళ్ళకు ఇప్పటికీ ఎందుకో చెప్పలేకపోతున్నవాణ్ణి. సంతోషంగా ఒప్పుకున్నాను.

నేరాలు నాలుగు రకాలని నివేదిక మొదలుపెట్టాను. లేని ధ్వని వచ్చి చేరితే ఆగమం. ఉన్నది పోతే లోపం. రెండు ధ్వనులు చోటు మార్చుకుంటే వ్యత్యయం. ఒకటి పక్కదానిలా మారిపోతే సమీకరణం. పేర్లు పెట్టడం తేలికే. కేసు పెట్టాలంటే మాత్రం అసలు రూపమేదో ముందు తెలియాలి. 'ఇస్టేషన్', 'స్టేషన్' అని రెండు మాటలు పక్కపక్కన పెడితే ఇ చేరిందా, ఊడిందా అన్నది వాటి ముఖం చూసి చెప్పలేం. మాట ఇంగ్లీషు నుంచి వచ్చిందని, అక్కడ ఇ లేదని తెలుసు కాబట్టి ఇది ఆగమం. అచ్చ తెలుగు మాట స్‌ట అంటూ మొదలుకాదు. అలాంటి గుత్తి ఎదురైతే నాలుక ముందు ఒక ఇ వేసుకుని, స్‌ని దానికి ఆనించి, ట దగ్గర కొత్త అక్షరం మొదలుపెడుతుంది. డ్రైవర్ చేసిందల్లా అంతే.

అధ్యక్షులు ఇది విని ఉత్సాహపడి, ఆ ఇని నగరమంతా ఏరివేయాలన్నారు. మరుసటి ఆదివారం "స్కతోట దగ్గర కలుద్దాం" అని సభ్యులకు కబురుపెట్టారు. సగం మంది దారి తప్పారు. ఇసుకతోటలో ఇ సొంత ఇల్లున్న ఇ అని, కన్నడంలోనూ 'ఉసుకు' అని ముందు అచ్చు ఉందని, దాన్ని ఖాళీ చేయించే హక్కు మనకు లేదని రాతపూర్వకంగా తెలియజేశాను. పనిలో పనిగా ఆయన రోజూ ఎక్కే 'బస్సు' చివర ఉకారం ఎక్కడిదని కూడా అడిగాను. ఇంగ్లీషులో అది లేదు. తెలుగు మాట అచ్చుతో ముగిస్తేనే కుదురుగా ఉంటుందని మనమే అతికించాం, పైగా స్‌ని రెట్టించాం. ముందు అతికిస్తే మొరటు, వెనక అతికిస్తే శిష్టమా? దీనికి ఇంకా జవాబు రాలేదు.

లోపం కేసులో పెద్దగా దర్యాప్తు అవసరం పడలేదు. ముద్దాయి ఊరే. పట్టణంలో నడిమి అకారం పడిపోయి, ట్ట్న అనే ముద్ద నోరు తిరగక ఒక ట కూడా జారిపోయి 'పట్నం' అయింది. విశాఖపట్నం అన్నవాళ్ళందరూ దోషులే. వైజాగ్ అనేవాళ్ళనూ ఈ పద్దులోనే వెయ్యమని ఒక సభ్యుడు పట్టుబట్టాడు. కుదరదన్నాను. అది ధ్వని లోపం కాదు, కత్తిరింపు. తెల్లవాళ్ళు విజగపటం అని పలికి రాసిన పేరును సగానికి కోస్తే మిగిలిన ముక్క. ధ్వని లోపానికి చుట్టూ ఉన్న ధ్వనులు కారణమవుతాయి. కత్తిరింపుకు మన బద్ధకం చాలు.

ఇక అసలు కేసు. నా మాట నచ్చక అధ్యక్షులు నా ముఖం మీదకు వేలు చూపించారు. నేను ఆ వేలునే సాక్ష్యంగా స్వాధీనం చేసుకున్నాను. తమిళంలో వేలిని 'విరల్' అంటారు. కన్నడంలో బెరళు. రెండింట్లోనూ మొదటి హల్లు తర్వాత అచ్చు, ఆ తర్వాత ర. పాత తెలుగులో మాత్రం వ్రేలు. అంటే ర ముందుకు జరిగి వకారం ఒళ్ళో కూర్చుంది, అచ్చు వెనక్కి పోయింది. ఇది వ్యత్యయం.

ఇక్కడే ఒక సభ్యుడు, ఆయన రిటైర్డ్ ఆడిటర్, మంచి ప్రశ్న వేశాడు. "చోటు మారిందని ఎలా నమ్మడం? విరల్‌లో ఇ పోయిందేమో. లోపం కింద రాసుకోవచ్చుగా?"

"ఇ పోయుంటే 'వ్రల్' అని పొట్టిగా మిగలాలి కదండీ. మన దగ్గరున్నది పొడుగు ఏ. వెనక్కి జరిగిన ఇకారం అక్కడున్న అకారంతో కలిసిపోయి దీర్ఘమైంది. ఆ దీర్ఘమే రసీదు" అన్నాను. రసీదు మాట వినగానే ఆడిటర్ గారు చల్లబడ్డారు. ఇంకో రసీదు కూడా చూపించాను. తమిళ 'ఉరల్' మనకు రోలు. అక్కడ ఉ, అ కలిసి ఓ అయ్యాయి. ఒక్క మాటలో జరిగితే యాదృచ్ఛికం అనుకోవచ్చు. ఒకే వరసలో ఇన్ని మాటలు కదిలాయంటే పద్ధతి ప్రకారం జరిగినట్టే. ఈ కదలికను భద్రిరాజు కృష్ణమూర్తి గారు 1961లో అచ్చైన తన పరిశోధనలో వివరంగా చూపించారు.

వ్రేలు అక్కడితో ఆగలేదు. చివర ఉకారం బస్సులో ఎక్కినట్టే ఎక్కింది. ఆ తర్వాత క్రొత్త కొత్త అయినట్టు, ప్రాత పాత అయినట్టు, ముందుకొచ్చి కూర్చున్న ర కూడా రాలిపోయింది. అంటే అంత కష్టపడి చోటు మార్చుకున్న ధ్వనికి చివరికి ఆ చోటూ దక్కలేదు. కోరి బదిలీ చేయించుకుని ఆ ఆఫీసే మూతపడ్డవాళ్ళకు ఈ బాధ తెలుస్తుంది. మొత్తానికి ఒక వేలి మీద వ్యత్యయం, ఆగమం, లోపం, మూడు నేరాలు. జరిమానా వేలల్లోనే ఉంటుంది. ఆ వేలు వేరు, వేయికి బహువచనం.

సమీకరణానికి ఉదాహరణ వెతుక్కోనక్కర్లేదు, సమావేశంలోనే దొరికింది. 'మనిషి' ఒక్కడున్నప్పుడు రెండు ఇకారాలతో నిటారుగా ఉంటాడు. బహువచనం 'లు' వచ్చి చేరిందో లేదో, దాని ఉకారం చూసి రెండు ఇకారాలూ ఉకారాలైపోతాయి: మనుషులు. సభలో అధ్యక్షులు చెయ్యెత్తగానే వెనకున్నవాళ్ళూ ఎత్తినట్టు. అందరూ లొంగుతారని కాదు. మొదటి అకారం కదల్లేదు. పిల్లులులోనూ మొదటి ఇ అలాగే ఉంది, రెండోదే మారింది. స్త్రీ అసలు మారదు, దీర్ఘం కదా. స్త్రీలు అనే అంటాం. సభలో ఉన్న ఇద్దరు మహిళలు ఈ అంశాన్ని నోట్ చేసుకున్నారు.

తమాషా ఏమిటంటే అదే మనిషి 'కు' విషయంలో ఎదురు తిరుగుతాడు. మనిషి, కు కలిస్తే 'మనిషికు' అనం, మనిషికి అంటాం. ఇక్కడ లొంగింది ప్రత్యయం. 'లు' ముందు తల వంచినవాడే 'కు' తల వంచాడు. దీన్ని ఏ సెక్షన్ కింద వెయ్యాలని అడిగారు. రెండూ సమీకరణమే, ఒకటి వెనక్కి, ఒకటి ముందుకు అని రాశాను.

నివేదిక చదివాక జరిమానాల తీర్మానం వాయిదా పడింది. సంఘం పేరు మాత్రం సరిదిద్దాలని ఏకగ్రీవంగా ఒప్పుకున్నారు. బోర్డు మీద 'పట్నం' కొట్టేసి, పోయిన ధ్వనులను తిరిగి పెట్టించమని పెయింటర్‌కు చెప్పారు. నిన్న సాయంత్రం బోర్డు వచ్చింది. పట్టణం చక్కగా, రెండు టలతో, నిండుగా ఉంది. దాని ముందు 'విశాక' అని ఉంది.

ఒత్తు పోవడం ఏ రకమో తేల్చమని ఫైలు మళ్ళీ నాకే పంపించారు.