పది శాతం హైక్ దేని మీద?

మొన్న ఆదివారం మా పిన్ని కూతురు ఫోన్ చేసింది. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు కంపెనీలో పని చేస్తుంది. "అన్నయ్యా, బేసిక్ పది శాతం పెంచుతున్నామని లెటర్ ఇచ్చారు. జీతం పడ్డాక చూస్తే 2,136 రూపాయలే ఎక్కువొచ్చాయి. ఎక్కడో తప్పు జరిగి ఉంటుంది కదా?" అంది. రెండు పేస్లిప్పులూ పంపమన్నాను. నేను పదకొండేళ్లుగా పేరోల్ పనిలోనే ఉన్నాను. ఐదు నిమిషాలు చూస్తే అర్థమైంది. లెక్క తప్పు లేదు. తప్పంతా ఆ లెటర్ రాసిన తీరులో ఉంది.

తన పాత జీతం చెబుతాను, అంకెలు కొంచెం ఓపిగ్గా చదవండి. బేసిక్ 30,000. హెచ్‌ఆర్‌ఏ బేసిక్‌లో 40 శాతం, అంటే 12,000. స్పెషల్ అలవెన్స్ 13,000. మొత్తం గ్రాస్ 55,000. ఇందులోంచి తన వాటా పీఎఫ్ 12 శాతం చొప్పున 3,600, ప్రొఫెషనల్ ట్యాక్స్ 200 పోతే చేతికి 51,200 వచ్చేది. కంపెనీ తన వంతుగా ఇంకో 3,600 పీఎఫ్‌లో వేస్తుంది. గ్రాట్యుటీ కింద బేసిక్ మీద 4.81 శాతం, అంటే 1,443 లెక్క రాసుకుంటుంది. గ్రాస్‌తో ఈ రెండూ కలిపితే కంపెనీకి తన మీద నెలకు అయ్యే మొత్తం ఖర్చు, అంటే సీటీసీ, 60,043.

ఇప్పుడు బేసిక్‌ని పది శాతం పెంచి, మిగతా ఏదీ కదపలేదనుకుందాం. బేసిక్ 33,000 అవుతుంది. హెచ్‌ఆర్‌ఏ దానికి కట్టి ఉంది కాబట్టి తనంతట తానే 13,200 అవుతుంది. స్పెషల్ అలవెన్స్ దేనికీ కట్టి లేదు, అది 13,000 దగ్గరే ఉంటుంది. గ్రాస్ 59,200. పీఎఫ్ కూడా పెరిగి 3,960 కోస్తారు. చేతికి 55,040, అంటే 3,840 ఎక్కువ. పాత టేక్‌హోమ్ మీద ఇది ఏడున్నర శాతం. లెటర్‌లో పది శాతం అని ఉన్నా చేతికి ఏడున్నరే ఎందుకొచ్చిందంటే, జీతంలో దాదాపు నాలుగో వంతు ఉన్న స్పెషల్ అలవెన్స్‌కి ఆ పది శాతం తగలలేదు. ఇక్కడి వరకు ఎవరినీ తప్పు పట్టడానికి లేదు.

మా బాబాయ్ రైల్వేలో చేశాడు. ఆయనకి ఏటా 3 శాతం ఇంక్రిమెంట్ బేసిక్ మీదే. డీఏ, హెచ్‌ఆర్‌ఏ రెండూ బేసిక్‌లో శాతాలే కాబట్టి జీతంలో ముప్పాతిక మీదే దానితో పాటు పెరిగేది. బేసిక్ పెరిగితే అన్నీ పెరుగుతాయన్న నమ్మకం మన ఇళ్లలోకి అలాగే వచ్చింది. ప్రైవేటులో ఆ నమ్మకం పెట్టుకుంటే దెబ్బ తింటాం. ఎందుకంటే ఇక్కడ స్పెషల్ అలవెన్స్ అనేది నిజానికి అలవెన్సే కాదు. ముందు సీటీసీ ఎంతో తేల్చుకుంటారు. అందులోంచి బేసిక్, హెచ్‌ఆర్‌ఏ, కంపెనీ పీఎఫ్, గ్రాట్యుటీ తీసేస్తారు. మిగిలిందానికి పెట్టుకున్న పేరే స్పెషల్ అలవెన్స్.

మా చెల్లికి జరిగింది అదే. బేసిక్ పెంచారు, అది నిజం. కానీ ఆమె సీటీసీని పెంచింది నెలకు 3,000 మాత్రమే, అంటే 5 శాతం. బేసిక్ 3,000, హెచ్‌ఆర్‌ఏ 1,200, కంపెనీ పీఎఫ్ 360, గ్రాట్యుటీ 144 పెరిగితే మొత్తం 4,704 కావాలి. ఉన్నవి 3,000. తక్కువ పడిన 1,704ని స్పెషల్ అలవెన్స్‌లోంచి లాగేశారు. 13,000 ఉన్నది 11,296 అయింది. ఆ సంగతి లెటర్‌లో ఎక్కడా లేదు. "బేసిక్‌లో 10 శాతం పెంపు" అని మాత్రం బోల్డ్‌లో ఉంది.

నాకు కోపం వచ్చింది ఇక్కడే. ఐదు శాతమే ఇవ్వగలిగితే ఐదు శాతం అని రాయండి. పిల్ల బాధపడుతుంది, ఓ వారం మాట్లాడదు, సర్దుకుంటుంది. పది అని రాసి, చేతికి 4.17 శాతం పెంచితే, ఆమె ఆ పదిని నమ్ముకుని కొత్త ఇంటి అద్దెకి ఒప్పుకుంది. నెలకు నాలుగు వేలు ఎక్కువ అద్దె. అడ్వాన్స్ కూడా ఇచ్చేసింది.

అయితే న్యాయంగా ఇంకో వైపూ చెప్పాలి. పెరిగిన 3,000 ఎటూ మాయమైపోలేదు. 2,136 చేతికి వచ్చింది, 720 పీఎఫ్‌కి వెళ్లింది, 144 గ్రాట్యుటీకి వెళ్లింది. ఆ 720లో 360 తనది, 360 కంపెనీది. మామూలుగా కంపెనీ కట్టే 12 శాతంలో 8.33 శాతం పెన్షన్‌కి వెళ్తుంది, కానీ ఆ వాటాని 15,000 జీతం మీదే లెక్కేస్తారు. 2014 సెప్టెంబర్‌లో పెట్టిన పరిమితి అది. మా చెల్లి 2017లో 12,000 జీతంతో మొదలుపెట్టింది కాబట్టి పెన్షన్ స్కీములో ఉంది. ఆమెకి పెన్షన్‌లోకి వెళ్లేది ముందూ 1,250, ఇప్పుడూ 1,250. పెరిగిన 360 మొత్తం పీఎఫ్ ఖాతాలోనే పడుతుంది. పాస్‌బుక్‌లో కంపెనీ వాటా 2,350 ఉన్నది 2,710 అవ్వాలి. అవ్వకపోతే అప్పుడు నిజంగా గొడవ పెట్టుకోవాలి. కొన్ని కంపెనీలు బేసిక్ ఎంత ఉన్నా 15,000 మీదే 1,800 కోస్తాయి. అలాంటి చోట బేసిక్ పెరిగినా పీఎఫ్‌లో పైసా కదలదు, ఆ తేడా చేతికే వస్తుంది.

గ్రాట్యుటీ సంగతి వేరు. దాన్ని చివరి బేసిక్ మీద, సర్వీసులో ఒక్కో ఏడాదికి పదిహేను రోజుల జీతం చొప్పున లెక్కేస్తారు, నెలను 26 రోజులుగా తీసుకుని. అందుకే ఇప్పుడు పెరిగిన 3,000 వల్ల వెనకటి ఏళ్లకి కూడా, ఒక్కో ఏడాదికి దాదాపు 1,731 కలుస్తుంది. కానీ ఆమెలాంటి పర్మినెంట్ ఉద్యోగికి ఐదేళ్లు నిండితేనే చేతికొస్తుంది. ఈ కంపెనీలో ఆమె చేరి మూడేళ్లే. ముందే మానేస్తే నెలనెలా సీటీసీలో చూపించిన ఆ 1,587 ఆమెది కాదు. ఏటా 19,044 రూపాయలు జీతం అని చూపించి, మానేసిన రోజున నీది కాదనడం నాకు ఎన్నేళ్లకీ మింగుడు పడని విషయం.

ఆ రాత్రి ఇద్దరం కూర్చుని హెచ్‌ఆర్‌కి ఒక మెయిల్ రాశాం. ఒకటే అడిగాం: ప్రతి వరుసకీ పాత అంకె, కొత్త అంకె పక్కపక్కన వేసి ఇవ్వండి, స్పెషల్ అలవెన్స్ ఎందుకు తగ్గిందో రాయండి. మూడు రోజులకి ఒక్క లైన్ జవాబు వచ్చింది. "జీతం స్ట్రక్చర్ సవరించాము" అట. చెల్లి మళ్లీ రాసింది, ఈసారి వాళ్ల మేనేజర్‌కి కూడా కాపీ పెట్టి. ఇంకా జవాబు రాలేదు. ఈ నెల హైక్ లెటర్ అందుకున్నవాళ్లు ఉంటే, సంతకం పెట్టే ముందు పాత పేస్లిప్ తీసి పక్కన పెట్టుకుని, స్పెషల్ అలవెన్స్ దగ్గర వేలు పెట్టి చూడండి.