ఆవకాయ సీజన్‌కి ఇన్‌స్టాగ్రామ్ కారోసెల్ సిరీస్ మొదలుపెట్టాలనుకునేవాళ్లు పోస్టులు కాదు, గంటలు లెక్కపెట్టుకోండి

పక్కకి జరుపుతూ చూసే స్లైడ్ల పోస్టుల్ని, అంటే కారోసెల్స్‌ని, "వారానికి ఐదు పెట్టండి, నెలలో అకౌంట్ లేస్తుంది" అని సలహా ఇచ్చేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ లెక్క రాసేవాళ్లు, డిజైన్ చేసేవాళ్లు, కామెంట్లు చూసుకునేవాళ్లు వేరువేరుగా ఉన్న చోట పనిచేస్తుంది. గుంటూరులో ఇంట్లోనే కారం ఆడించి, పచ్చళ్లు పెట్టి అమ్ముకునే ఒక్క మనిషి ఆరు వందల మంది ఫాలోవర్లతో నడిపే అకౌంట్‌కి అది పనికిరాదు. మూడో వారానికే ఆ మనిషి ఫోన్ తీయడం మానేస్తుంది.

ముందు ఒక కారోసెల్‌కి మీకు నిజంగా ఎంత సేపు పడుతుందో చూసుకోండి. ఎనిమిది స్లైడ్లు అనుకుందాం. మేటర్ రాయడానికి గంటన్నర, ఫొటోలకి గంట, పేర్చడానికి గంట, తప్పులు చూసి క్యాప్షన్ రాయడానికి అరగంట, తర్వాత రెండు రోజులు వచ్చే కామెంట్లకి, మెసేజ్‌లకి ఇంకో గంట. మొత్తం ఐదు గంటలు. ఈ చివరి గంటని అందరూ లెక్కలో వదిలేస్తారు. తెలుగులో తప్పులు చూసే అరగంటని అసలు తగ్గించకూడదు. ఒత్తు ఎగిరిపోయిన స్లైడ్‌ని పోస్ట్ చేశాక దిద్దలేం. క్యాప్షన్ మార్చుకోవచ్చు కానీ, స్లైడ్‌ని తీసేయడమే దారి.

మూడు కారోసెల్స్‌కి ఇలా టైమ్ రాసుకుని, వాటిలో ఎక్కువ పట్టినదాన్నే లెక్కకి తీసుకోండి, సగటు వద్దు. మీకు దొరికే గంటల్లో కూడా బాగా బిజీగా ఉన్న వారాన్నే చూడండి. వారానికి ఆరు గంటలు దొరికితే వారానికి ఒకటి, మూడే దొరికితే రెండు వారాలకి ఒకటి. దానికేం భయపడక్కర్లేదు. మొదటిసారి స్లైడ్లు జరపకుండా వెళ్లిపోయినవాళ్లకి ఇన్‌స్టాగ్రామ్ అదే పోస్టుని మళ్లీ, ఒక్కోసారి రెండో స్లైడ్ నుంచి చూపిస్తుంది. కారోసెల్ ఆయుష్షు ఒక్క రోజుతో తీరిపోదు. అందుకే రెండో స్లైడ్ కూడా కవర్‌లా దానంతటది అర్థమయ్యేలా ఉండాలి.

ఇక సిరీస్. మన ఊళ్లో చిక్కంతా సీజన్‌తోనే. కారం గురించి జనం వెతికేది ఆవకాయ పెట్టే ఏప్రిల్, మే నెలల్లో. కారం అమ్మేవాళ్లకి ఊపిరాడనిదీ అప్పుడే. ఏప్రిల్‌లో కూర్చుని స్లైడ్లు చేస్తానంటే జరగదు. ఆ నెలలో వారానికి రెండు గంటలు మిగిలితే గొప్ప, అవి జవాబులకే సరిపోతాయి.

అందుకని వెనక నుంచి లెక్కేయండి. ఆవకాయకి కారం కలిపే భాగం ఏప్రిల్ రెండో వారంలో రావాలి. వారానికొకటి చొప్పున ఐదు భాగాలంటే మొదటిది మార్చి రెండో వారంలో పడాలి. తయారీ ఫిబ్రవరి మొదట్లోనే మొదలు, అప్పటికి యార్డుకి కొత్త కాయ వస్తుంటుంది కాబట్టి ఫొటోలకీ ఇబ్బంది లేదు. మొదటి భాగం పోస్ట్ చేసే రోజుకి కనీసం నాలుగు పూర్తయి ఉండాలి. అయినవాటిని యాప్‌లోనే షెడ్యూల్ చేసి పెట్టుకోవచ్చు.

ఐదే ఎందుకంటారా? అంశాలు రాయడం మొదలుపెడితే పన్నెండు వస్తాయి. కొనేవాళ్లు కౌంటర్ దగ్గర నిజంగా అడిగేవి ఉంచండి: తేజ మిర్చికీ బ్యాడిగి మిర్చికీ ఘాటులో, రంగులో తేడా ఏంటి, తొడిమలు ఎందుకు తీయాలి, ఎంతవరకు ఎండబెట్టాలి, మరలో వేడెక్కితే ఏమవుతుంది, ఆవకాయకి ఎలా కలపాలి. మిర్చి చరిత్ర, ఎగుమతుల లెక్కలు ఈ సిరీస్‌లో వద్దు. కవర్ మీద "భాగం 4/5" అని మాత్రం వేయకండి. నాలుగోది ముందు చూసినవాళ్లకి మొదటి మూడూ పోయాయనిపిస్తుంది, మీరేమో ఆ ఐదుకి కట్టుబడిపోతారు. అంకె లేకపోతే నాలుగు దగ్గర ఆపేసినా ఎవరికీ వెలితి తెలియదు.

ఎక్కడ ఆపాలో రీచ్, అంటే పోస్టు ఎంతమందికి చేరిందన్న లెక్క, చెప్పదు, చిన్న అకౌంట్లో అది ఎగుడుదిగుడుగా ఉంటుంది. వంద రీచ్‌కి ఎన్ని సేవ్‌లో చూడండి. మొదటి భాగానికి రీచ్ 900, సేవ్‌లు 36 అనుకోండి. నూటికి నాలుగు. మూడో దానికి రీచ్ 425కి పడిపోయి సేవ్‌లు 17 వస్తే అదీ నూటికి నాలుగే. అంశానికి ఏమీ కాలేదు, కంగారుపడి రోజూ పోస్ట్ చేయక్కర్లేదు. అదే రీచ్ 800 ఉండి సేవ్‌లు 8 వచ్చాయంటే చూశారు కానీ దాచుకోలేదు. వరుసగా రెండుసార్లు అలా అయితే సిరీస్ అక్కడితో సరి.

మీవైపు నుంచి చూడాల్సింది ఒక్కటే, చేతిలో తయారుగా ఉన్న భాగాలు. ఇంకా రెండు మూడు వేయాల్సి ఉండగానే స్టాకు ఒకటికి వచ్చిందంటే, దాన్ని ఈ వారం వేయకుండా ఆపి, బదులుగా ఆరబోసిన మిర్చి ఫొటో ఒక్కటి పెట్టండి. సిరీస్ అయ్యాక రెండు వారాలు కారోసెల్ జోలికి వెళ్లకండి. బాగా సేవ్ అయినదాన్ని ప్రొఫైల్‌లో పిన్ చేసి, మేలో ఎవరైనా కారం గురించి అడిగితే దాన్నే పంపండి.