తాళంచెవి ఉంటే తలుపు తీయవచ్చా?

నెలలో ఖాళీ చేస్తామని అద్దెదారులు చెప్పగానే కూకట్‌పల్లిలోనైనా మలక్‌పేటలోనైనా గేటుకు టు-లెట్ బోర్డు పడుతుంది. వారు ఆఫీసుకు వెళ్లిన వేళ యజమాని తన దగ్గరున్న రెండో తాళంచెవితో తలుపు తీసి, కొత్తగా వచ్చేవారికి పడకగది దాకా చూపించడం నగరంలో మామూలు విషయంగా చెలామణీ అవుతోంది. ఇది మామూలు విషయం కాదని మేం భావిస్తున్నాం.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 108వ సెక్షన్ రెండు మాటలు చెబుతుంది. అద్దె చెల్లిస్తూ షరతులు పాటించే అద్దెదారు ఆటంకం లేకుండా ఆ ఇంటిని అనుభవించవచ్చు. అదే సమయంలో ఇంటి స్థితిని పరిశీలించేందుకు యజమానిని గానీ అతని మనిషిని గానీ సమంజసమైన వేళల్లో లోపలికి రానివ్వాలి. అద్దెదారు వల్ల ఏర్పడిన లోపాన్ని యజమాని తెలియజేస్తే, మూడు నెలల్లో దాన్ని సరిచేయించాల్సిన బాధ్యత అద్దెదారుదే. అంటే తనిఖీ హక్కు నిజమైనదే, గోడ చెమ్మగిల్లిందేమో చూస్తానన్న యజమానిని పూర్తిగా అడ్డుకోవడం కుదరదు. కానీ ఎన్ని గంటల ముందు చెప్పాలో ఆ సెక్షన్‌లో లేదు. ఒప్పందంలో వేరే షరతు ఉంటే దానికే ప్రాధాన్యం.

కేంద్రం 2021లో ఆమోదించిన మాదిరి అద్దె చట్టం ఈ ఖాళీని పూరించింది. కారణం, రోజు, సమయం పేర్కొంటూ కనీసం 24 గంటల ముందు రాతపూర్వకంగా గానీ ఎలక్ట్రానిక్ మాధ్యమంలో గానీ నోటీసివ్వాలి. సూర్యోదయానికి ముందు, సూర్యాస్తమయం తర్వాత రాకూడదు. అగ్నిప్రమాదం, వరద వంటి అత్యవసరాలకే మినహాయింపు. అయితే రాష్ట్రం తనకంటూ చట్టం చేసుకుంటే తప్ప అది ఎవరినీ కట్టడి చేయదు. అందులోనూ కొత్తవారికి ఇల్లు చూపించడం నేరుగా ప్రస్తావించిన కారణాల్లో లేదు. మరమ్మతు, నివాసయోగ్యత పరిశీలన కాక మరే సమంజస కారణమైనా ఒప్పందంలో రాసి ఉండాలి.

పోలీసులకు చెబితే సరిపోదా అని అడిగేవారున్నారు. నేరపూరిత అతిక్రమణకు నేరం చేయాలన్న, లేదా బెదిరించాలి, అవమానించాలి, విసిగించాలి అన్న ఉద్దేశం రుజువు కావాలి. ఇల్లు చూపించడానికే వచ్చానన్న యజమాని విషయంలో అది తేలిక కాదు. మళ్లీ మళ్లీ జరిగితే సివిల్ కోర్టులో ఇంజంక్షన్ కోరవచ్చు గానీ, నెలలో ఖాళీ చేసేవారికి అంత వ్యవధి ఎక్కడిది?

కాబట్టి పదకొండు నెలల అగ్రిమెంటులోనే ఒక పేరా ఉండాలి: వాట్సాప్‌లో 24 గంటల ముందస్తు సందేశం, పగటి వేళ, అద్దెదారు లేదా వారు పంపినవారు ఉండగానే ప్రవేశం, గదుల ఫొటోలు తీయాలంటే అద్దెదారు అనుమతి, రెండో తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలన్న స్పష్టత. పైపు పగిలి కింది ఫ్లాటులోకి నీళ్లు కారుతుంటే నోటీసు అక్కర్లేదని కూడా అందులోనే రాసుకోవాలి. అడ్వాన్సు కట్టే ముందు అడిగితేనే ఈ పేరా చేరుతుంది. బేరమాడే బలం లేని కొత్త ఉద్యోగుల కోసం, ఇల్లు చూపించడాన్నీ స్పష్టంగా చేర్చి, రాష్ట్ర ప్రభుత్వమే ఈ నిబంధనలను చట్టంగా తేవాలి.